దమ్ము చేసిన టెన్నిసు కోర్టు

మా క్లబ్బులో "సిమెంటు" అన్న మాట మొదటిసారి వినబడినప్పుడు నా ఎడమకన్ను అదిరింది. నేను కాలేజీలో ఫిజిక్సు చెప్పేవాణ్ణి కాబట్టి ఇలాంటివి నమ్మను. నమ్మను కాబట్టే, ఎవరూ చూడకుండా చేతిరుమాలు కంటికి అదిమిపెట్టి, అది ఆగేదాకా కదలకుండా కూర్చున్నాను. ఆగింది గానీ, ఏదో చెప్పాల్సింది చెప్పేసి ఆగినట్టు ఆగింది.

అవి డెబ్భైల చివరి సంవత్సరాలు. తణుకుకీ భీమవరానికీ మధ్య, కాలవగట్టు మీద మా ఊరి క్లబ్బు. పేకాటకి నాలుగు గదులు, టెన్నిసుకి ఒకే ఒక్క కోర్టు. పేకాట గదుల్లో పొగ ఎంత చిక్కగా ఉండేదంటే, దాన్ని కోసి ముక్కలు చేసి ఇటుకల్లా పేర్చుకోవచ్చు. ఆ పొగ పడని డజను మందిమి బయటికొచ్చి టెన్నిసు ఆడేవాళ్ళం. ఆడేవాళ్ళం అనడం మర్యాదకి. మా మార్కరు మా చేత ఆడించేవాడు.

మార్కరంటే క్లబ్బు జీతగాడు. తెల్లారకుండానే కోర్టు తడపాలి, రోలరు లాగాలి, సున్నంతో గీతలు గియ్యాలి. సాయంత్రం ఎవరికి జోడీ తక్కువైతే వాళ్ళకి ఎదురు నిలబడి ఆడాలి. మావాడికి ముప్పై అయిదేళ్ళుంటాయి. పొడుగ్గా, ఎండిన సరివి కర్రలా ఉండేవాడు. మాట తక్కువ. వాళ్ళ నాన్న కూడా ఇదే క్లబ్బులో మార్కరుగా చేసి పోయాడు. మా సెక్రటరీగారు రైసుమిల్లు యజమాని. ఆయన శరీరం పడమటికి తిరగాలంటే తూర్పున బయల్దేరాలి. అటువంటి మనిషి రాకెట్ ఎక్కడ చాపితే బంతి సరిగ్గా అక్కడికే వచ్చి తగిలేది. ఆయన అది తన చేతివాటం అనుకునేవారు. అది మార్కరు చేతివాటమని మిగిలిన పదకొండుమందికీ తెలుసు. మా విషయంలోనూ అంతేనని మాత్రం ఎవరికివాళ్ళకి తెలీదు.

కోర్టు మట్టిది. అడుగున ఇటుక ముక్కలు, పైన ఇసక, ఆపైన గూడెం మెట్ట నుంచి లారీల్లో తెప్పించిన ఎర్ర గ్రావెలు, అన్నిటి మీదా జల్లించిన మెత్తటి మట్టి. దాని మీద బంతి పడగానే పైనున్న నలుసులు దాన్ని పట్టుకుంటాయి. ముందుకెళ్ళే వేగం సగం అక్కడే హరించుకుపోతుంది. ముందుకి పోలేనిది ఏం చేస్తుంది, పైకి లేస్తుంది. అలా భుజం ఎత్తున, తీరుబడిగా, పెళ్ళివారింట్లో విస్తరి ముందు కూర్చున్నట్టు మన ముందుకొచ్చి కూర్చుంటుంది. మనం వెనక్కి రెండడుగులు వేసి, ఆలోచించుకుని, కావాలంటే ముక్కు చీదుకుని కొట్టొచ్చు. అందుకే మట్టి మీద ఎంత బలంగా కొట్టినా ఎదుటివాడు అందుకుంటాడు. ఒక్కో పాయింటు ఒక్కో హరికథంత సాగేది. మార్కరుకి దొరికిన విద్యంతా ఆ మట్టిలోంచే దొరికింది: గీతకి రెండు గజాలు వెనక నిలబడటం, బంతి దాకా జారుకుంటూ వెళ్ళి ఆగటం, కిందనుంచి పైకి గీరి బంతిని తిప్పుతూ కొట్టటం. తిరుగుతూ వచ్చిన ఆ బంతి మట్టిని కరిచి మన చెవి దాకా లేచేది.

ఈ కోర్టు మీద సెక్రటరీగారు సిమెంటు వేయిస్తానన్నారు.

అప్పట్లో సిమెంటు బస్తా కావాలంటే పర్మిటు కావాలి. ఆ పర్మిటు కాగితం ఆయన జేబులోంచి తీసి మా ముందు ఎలా ఊపారంటే, సంజీవి తెచ్చిన హనుమంతుడు కూడా పర్వతాన్ని అంత గర్వంగా ఊపి ఉండడు.

"మాస్టారూ, ఇంక నీళ్ళక్కర్లేదు, రోలరక్కర్లేదు, వానొస్తే వారం రోజులు చేతులు ముడుచుకు కూర్చోవక్కర్లేదు. గీతలు ఒకసారి పెయింటుతో గీస్తే రెండేళ్ళు ఉంటాయి" అన్నారు.

"మరి మార్కరో?" అన్నాను.

"అదే చెప్తున్నానుగా. అక్కర్లేదు."

మార్కరు ఆ పక్కనే నెట్టు బిగిస్తున్నాడు. చేతులు ఆగలేదు. "అలాగేనండి" అన్నాడు.

మా వైపు ఈ మాటకున్న అర్థాలన్నీ రాయాలంటే నిఘంటువుకి ఇంకో సంపుటం కావాలి. అవును, కాదు, మీ ఖర్మ, నా ఖర్మ, మీరు పెద్దవారు కనక ఊరుకున్నాను, అన్నిటికీ అదొక్కటే. మేం మాత్రం ఎప్పుడూ ఒక్క అర్థమే తీసుకునేవాళ్ళం, మాకు కావల్సింది.

పని పోయే సంగతి అలా ఉంచితే, పని మిగిలినా మార్కరు మిగలడని నాకు ముందే తెలుసు. ఆ వేసవిలోనే పక్కూరి క్లబ్బుకి ఆటకి వెళ్ళాం. వాళ్ళది నున్నటి సిమెంటు కోర్టు. దాని మీద బంతి జాలీ దయా లేకుండా, ఎన్నిసార్లు కొట్టినా ఒకే ఎత్తున లేచి, మట్టి మీద కంటే గబగబా దూసుకొచ్చేది. అందులో హెచ్చుతగ్గులకి తావు లేదు. మొహం చూసి బొట్టు పెట్టడం సిమెంటుకి రాదు. మేమందరం ఒక క్షణం ఆలస్యంగా కొట్టి, ఆ క్షణాన్ని ఒకళ్ళ మీద ఒకళ్ళం తోసుకున్నాం. మార్కరు మాకు బంతులు అందిస్తూ కాసేపు ఆడాడు. పక్కకి పోతున్న బంతి కోసం అలవాటు చొప్పున కాలు జార్చాడు. కాలు జారలేదు. సిమెంటు కాన్వాసు బూటుని పట్టుకుని ఆపేసింది. బూటు ఆగింది, మనిషి ఆగలేదు. మధ్యలో ఉన్న మోకాలు ఏం చెయ్యాలో తెలీక తిరిగింది. ఇంటికొచ్చేసరికి ఆ మోకాలు పనసకాయంత అయింది. పదిహేను రోజులకి తగ్గింది గానీ, అది తగ్గిన తీరు నాకు నచ్చలేదు. అప్పులవాడు వీధి చివరిదాకా వెళ్ళి ఆగి వెనక్కి చూసినట్టు తగ్గింది.

అటువంటి సమయంలో కలకత్తా నుంచి ఉత్తరం వచ్చింది. మా ఊరి బ్యాంకులో ఏజెంటుగా చేసి అక్కడికి బదిలీ అయిన పెద్దమనిషి రాశారు. ఆయన చేరిన క్లబ్బులో ముసలి మార్కరు మానేస్తున్నాడట. డిసెంబరులో కొత్తవాణ్ణి పరీక్షించి తీసుకుంటారట. ఇల్లిస్తారట. "మనవాడికి నేను మాట చెప్పాను. ఒకటే ఇబ్బంది. ఇక్కడివన్నీ గడ్డి కోర్టులు" అని రాశారు.

గడ్డి మీద ఆట మాలో ఎవరూ చూసి ఎరగం. అందుచేత ఆ సాయంత్రం గడ్డి గురించి పన్నెండుమందిమీ అనర్గళంగా మాట్లాడాం. అందరికంటె నేను ఎక్కువ మాట్లాడాను, ఎంచేతంటే నాది ఫిజిక్సు. "ఘర్షణ తక్కువ. గడ్డి పరకలు నున్నగా ఉంటాయి, బంతి కింద ఒరిగిపోతాయి. బంతిని పట్టుకోవు, జారనిస్తాయి. పైగా పైకి లేచే బలాన్ని ఆ పరకలే కాస్త మింగేస్తాయి. అంచేత తక్కువ ఎత్తులో లేచి, వేగం పోకుండా దూసుకొస్తుంది. వెనక నిలబడి ఎదురుచూస్తే లాభం లేదు. సర్వీసు కొట్టి నెట్టు దగ్గరికి పరిగెత్తి, నేల తాకకుండానే కొట్టెయ్యాలి" అని బల్ల గుద్ది చెప్పాను. చెప్పిందంతా అక్షరసత్యం. చేసిందే వేరు.

"అయితే గడ్డి వేద్దాం" అన్నారు ఆసామిగారు.

ఆసామిగారంటే మాలో పెద్ద రైతు. ఆయన పొలం గట్టు మీద నడుస్తూ పొద్దున్న బయల్దేరిన కాకి సాయంత్రానికి రెండో గట్టు చేరి అక్కడే కాపురం పెట్టేదని చెప్పుకునేవారు. మనసు అంతకంటె పెద్దది. "క్లబ్బు వెనక ఖాళీ స్థలం ఉంది, పక్కనే కాలవ ఉంది. నాలుగు నెలలు టైముంది. మార్కరు దాని మీద సాధన చేసి కలకత్తా వెళ్తాడు. డెల్టాలో పుట్టి గడ్డి పెంచలేకపోతే మనం అన్నం తినడం దేనికండీ?"

అందరం చప్పట్లు కొట్టాం. సెక్రటరీగారు కూడా కొట్టారు. ఒక మనిషి పని తీసేస్తున్న బాధ ఆయనకీ ఎక్కడో ఉంది. చప్పట్లు ఆగాక మార్కరు నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి అడిగాడు.

"మాస్టారూ, సెక్రటరీగారి మిల్లులో ధాన్యం ఆరబోసే సిమెంటు కళ్ళం ఉంది కదండి."

"ఉంది. అయితే?"

"నున్నగా అరిగిపోయి ఉంటుందండి. దాని మీద సన్నటి తవుడు పల్చగా చల్లి, బాగా పాతబడ్డ మెత్తటి బంతులతో ఆడితే, జారి, కిందగా వస్తాదండి బంతి. మధ్యాన్నం పూట ఓ గంట ఇస్తే..."

"సిమెంటు భయంతోనే కదయ్యా నువ్వు కలకత్తా వెళ్తున్నావు! గడ్డి నేర్చుకోడానికి సిమెంటు మీద ఆడతావా? ఈత నేర్చుకోడానికి మేడెక్కుతానన్నాట్ట వెనకటికొకడు" అన్నాను. నేనన్నది నాకే ఎంత బాగా నచ్చిందంటే, పేకాట గదుల్లోకి వెళ్ళి నాలుగు చోట్లా చెప్పాను. నాలుగు చోట్లా నవ్వారు.

మార్కరు కూడా నవ్వాడు. "అలాగేనండి" అన్నాడు.

నవ్వినప్పుడు అతని కళ్ళు నా వైపు లేవు. ఖాళీ స్థలం మీద అప్పుడే కమ్ముకుంటున్న మబ్బు వైపు ఉన్నాయి.

శ్రావణంలో పని మొదలైంది. రోలరుతో నేలని గట్టిపరచడం లాంటి చిల్లరపనులు ఆసామిగారికి ఆనలేదు. మూడు తరాలుగా వాళ్ళ వంశానికి పచ్చగా మొలిచేదాన్ని పెంచే పద్ధతి ఒక్కటే తెలుసు. స్థలం చుట్టూ గట్లు వేయించారు. కాలవ నుంచి బోదె తవ్వించి నీళ్ళు పెట్టించారు. రెండు జతల ఎడ్లని దింపి మూడు చాళ్ళు దమ్ము చేయించారు. బంకమట్టి అంతా పాయసంలా ఉడికినట్టయింది. ఆ తర్వాత ఆడకూలీలు వరసగా వంగి, వరినాట్లు వేసినట్టే గరిక నాట్లు వేశారు.

వాళ్ళలో ఓ ముసలమ్మ నడుం పట్టుకుని నిలబడి నన్నడిగింది. "బాబూ, పుట్టి బుద్దెరిగినకాణ్ణుంచి చేలో గరిక పీకుతున్నాను. ఇయ్యాల దాన్నే నాటమంటన్నారు. ఊరికేమైనా మూడిందా?"

"ఇది టెన్నిసు అవ్వా" అన్నాను.

"అమ్మోరి లాంటిదా?" అంది.

అందరూ నవ్వారు. నేనూ నవ్వబోయాను గానీ, అప్పుడే గట్టు మీద మార్కరు కూర్చుని బురదలోకి చెయ్యి పెట్టి తీయడం చూశాను. చెయ్యి మోచేతి దాకా దిగింది. బయటికి తీసి, అంటిన బురదని చాలాసేపు చూసి, కాలవలో కడుక్కున్నాడు.

గరిక పెరిగింది. యూరియా వేశారు, మరీ పెరిగింది. రాత్రిపూట అది పెరుగుతున్న చప్పుడు మా ఇంట్లోకి వినబడేదంటే మీరు నమ్మరు, మా ఆవిడా నమ్మలేదు. ఆ పచ్చదనం చూడ్డానికి పక్కూళ్ళ నుంచి రైతులు వచ్చేవారు; ఒకాయన ఎకరాకి ఎన్ని బస్తాలు రావచ్చని అడిగాడు. తర్వాత కప్పలు వచ్చాయి. కప్పల కోసం వచ్చేవి వాటి వెనకాలే వచ్చాయి. కొడవళ్ళతో బెత్తెడు ఎత్తుకి కోయించడానికి దిగితే, సర్వీసు గీత ఉండాల్సిన చోట కట్లపాము చుట్ట చుట్టుకుని ఉంది. దాన్ని కొట్టాక, "సుబ్రహ్మణ్యేశ్వరుడు దిగాడు, ఇంక తిరుగులేదు" అన్నారు ఆసామిగారు. కొట్టేశాక తిరుగెక్కణ్ణుంచి వస్తుందని ఎవరూ అడగలేదు.

రోలరు దింపబోయారు. అది నాలుగు బారలు కూడా వెళ్ళకుండా కూరుకుపోయింది. దాన్ని బయటికి లాగడానికి మిల్లు నుంచి హమాలీలు రావాల్సి వచ్చింది. "రోలరెందుకులెండి, తొక్కితే అదే గట్టిపడుతుంది" అని ఒప్పందానికి వచ్చాం.

సాధన మొదలైంది. నేను అవతల నిలబడి బంతి కొట్టాను. అది గరికలో పడి "చప్" మంది. అంతే. మళ్ళీ లేవలేదు. లేచినా మడమ ఎత్తు. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ గుర్తుంది; తడి నేల మీద ఈతమట్ట పడ్డట్టు, ఇంకేదో పడబోతున్నట్టు.

"చూశారా! బంతి లేవడం లేదు. అచ్చం గడ్డి కోర్టే!" అని కేకేశాను.

ఎవరూ కాదనలేదు. బంతి కిందగా ఉంటుందని నేనే చెప్పాను, కిందగానే ఉంది. వేగం పోకుండా దూసుకొస్తుందని కూడా నేనే చెప్పాను. ఆ సగం అందరితోపాటు నేనూ మర్చిపోయాను. లేచీ లేవకుండానే చచ్చిపోయే బంతికీ, కిందగా దూసుకొచ్చే బంతికీ మధ్య కలకత్తాకీ మా ఊరికీ ఉన్నంత దూరం ఉందని ఫిజిక్సు మాస్టారికి తట్టలేదు.

మార్కరు రోజూ రెండు గంటలు దాని మీద ఆడాడు. నెల తిరిగేసరికి అతని ఆట మారిపోయింది. వెనక నిలబడేవాడు కాస్తా గీత లోపలికి వచ్చేశాడు. బంతి చచ్చేచోటికి ముందే ఉరికి, వంగి, రాకెట్‌ని పారలా పెట్టి పైకి ఎత్తేవాడు. జారడం మానేసి, బురదలో కొంగలా కాళ్ళెత్తి వేసేవాడు. గట్టిగా కొట్టి లాభం లేదు గనక గట్టిగా కొట్టడం మానేశాడు. ఇరవయ్యేళ్ళుగా ఒంట్లో ఇంకిన మట్టిని మేం బిందెడు బిందెడుగా తోడి పారబోశాం, రోజుకో కప్పు కాఫీ తాగుతూ, బలే బలే అంటూ.

ఒక సాయంత్రం అతని భార్య క్యారేజీ పట్టుకుని గట్టు మీదకొచ్చింది. కాసేపు ఆట చూసి, నాతో అంది. "ఈయన నిద్దట్లో కాళ్ళిలా ఎత్తి ఎత్తి పెడతన్నారండి, మాస్టారూ. ఊబిలోంచి లాక్కున్నట్టు."

"సాధన అమ్మా, సాధన" అన్నాను.

కార్తీకంలో వాయుగుండం పట్టి అయిదు రోజులు కురిసింది. క్లబ్బు ముందు మట్టికోర్టు రెండు రోజుల్లో ఆరింది. వెనక గడ్డి ఆరలేదు. ఆరకుండానే, ఆసామిగారు అతనికి కొత్త బూట్లు కొనిచ్చి, మేమందరం రాజమండ్రి దాకా వెళ్ళి మెయిలెక్కించాం. నాకు సెలవులు గనక తోడు నేను బయల్దేరాను. గోదావరి వంతెన రాజమండ్రి వచ్చేటప్పుడే దాటేశాం, ఇంక మేం పోయేది ఉత్తరానికి. అయినా మార్కరు కిటికీలోంచి నది ఉన్న వైపు చూస్తూనే ఉన్నాడు, అది కనబడనంత దూరం వెళ్ళాక కూడా.

కలకత్తా క్లబ్బులో గడ్డిని చూడగానే మనసులో మా గరికతో కొలిచి చూశాను. అది బెత్తెడు కాదు, గోరు మందం కూడా లేదు. దూరం నుంచి చూస్తే నేలకి ఆకుపచ్చ గుండు చేయించినట్టుంది. మార్కరు కోర్టు అంచున మోకాళ్ళ మీద కూర్చుని వేలికణుపుతో నేల మీద కొట్టాడు. తలుపు కొట్టినట్టు "టక్" మంది. నేల రాయిలా ఉంది. దాని మీద రోలరు ఏళ్ళ తరబడి తిరిగింది. ఆ సన్నటి పరకలు నున్నగా ఒక పక్కకి ఒరిగి, మంచు ఆరి, మెరుస్తున్నాయి.

మార్కరు లేచి నన్ను చూశాడు. అతను ఏమైనా అని ఉంటే బాగుండేదని ఈరోజుకీ అనుకుంటాను.

పరీక్ష పెట్టింది ఆ క్లబ్బు సెక్రటరీ, తెల్లజుట్టు పెద్దాయన. మర్యాదస్తుడు. గంటసేపు తనే ఆడతానన్నాడు. ఆయనకి అరవై దాటి ఉంటాయి. సర్వీసు బలంగా ఏమీ కొట్టలేదు, పక్కనుంచి కోసినట్టు కొట్టాడంతే. బంతి గడ్డిని తాకి, నూనె రాసిన గచ్చు మీద గోలీలా జర్రున జారి, మార్కరు పిక్క పక్కనుంచి పోయింది. మార్కరు అప్పటికే అలవాటు చొప్పున గీత లోపలికి ఉరికి వంగి ఉన్నాడు, బంతి చచ్చేచోటికి. బంతి చావలేదు. రెండోదీ అంతే. మూడోదానికి రాకెట్ అందింది గానీ, పారలా పట్టిన రాకెట్ కదా, ఆ వేగానికి బంతి ఆకాశానికి లేచి వెనక కంచె దాటింది.

పావుగంటకి అతను వెనక్కి జరిగి, తన పాత మట్టి ఆట ఆడబోయాడు. గీరి తిప్పి కొట్టిన బంతులు అక్కడ మట్టి లేక దేన్నీ కరవలేదు. చెవి దాకా లేవాల్సినవి నడుం దగ్గరే ఆగి, పెద్దాయన రాకెట్‌కి నైవేద్యాల్లా అందాయి. ఆయన ప్రతిసారీ నెట్టు దగ్గరికి నడుచుకుంటూ వచ్చి, నేల తాకకముందే మెల్లగా పక్కన పెట్టేశాడు. అప్పుడు మార్కరు జారాడు. మట్టి మీద జారినట్టు కాదు. కొత్త బూట్లు మంచు ఆరీ ఆరని చోట పడి, ఉన్నపళాన కూలబడ్డాడు.

ఆఖరి పది నిమిషాల్లో అతనికి ఏదో దొరికింది. చెయ్యి వెనక్కి ఎత్తడం తగ్గించి, రాకెట్‌ని ఊరికే అడ్డం పెట్టి, బంతి వేగాన్నే దానికి తిప్పి ఇవ్వడం మొదలుపెట్టాడు. రెండుసార్లు నెట్టు దాకా పరిగెత్తి, గాలిలోనే అందుకుని కొట్టాడు. పెద్దాయన కనుబొమలు లేచాయి. నేను బెంచీ మీంచి లేచాను. అప్పుడే గంట అయిపోయింది.

పెద్దాయన నాతో ఇంగ్లీషులో అన్నదానికి అర్థం ఇది: మనిషికి చెయ్యి ఉంది, కానీ ఇతనికి ఎవరో గడ్డి మీద ఆట తప్పుగా నేర్పారు, ఏమీ రానివాడైతే ఈ సీజనులోనే నేర్పేవాళ్ళం, తప్పు వచ్చినవాడికి ముందు అది మర్చిపోవడం నేర్పాలి, అంత వ్యవధి మాకు లేదు. పక్కన మార్కరు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఇంగ్లీషు రాదు. అయినా "ఎవరో నేర్పారు" దగ్గర అతను తల దించుకున్నాడు, నేను కాదు.

తిరుగు రైల్లో బరంపురం దాటాక నేను నోరు విప్పాను. "ఆ గరిక నిన్ను ముంచుతుందని నీకెప్పుడు తెలిసింది?"

"అనుమానం మొదట్నుంచీ ఉందండి. రూఢి అయింది దమ్ము చేసిన్రోజునండి."

"మరి చెప్పలేదే?"

"చెప్పానండి. మిల్లు కళ్ళం ఇప్పించమన్నాను."

రైలు ఏదో చిన్న వంతెన మీదికెక్కింది. ఆ చప్పుడు దిగేదాకా ఆగి అతనే అన్నాడు. "ఊళ్ళో ఎవరికీ చెప్పకండి, మాస్టారూ. ఆసామిగారు ఆ గడ్డి కోసం ఎడ్లని దింపారు. పెద్దవారు. తెలిస్తే అన్నం తినరండి."

ఊరు చేరాక అందరూ చుట్టుముట్టారు. అతను చెప్పడం నా ఎదురుగానే చెప్పాడు. "మన గడ్డే నయమండి. అక్కడి గడ్డి పలచగా ఉందండి."

"నే చెప్పలా!" అన్నారు ఆసామిగారు. "వాళ్ళకి నీళ్ళు పెట్టడం రాదు." ఆయన మొహం వెలిగిపోయింది. నేను నోరు తెరిచాను. మార్కరు నా వైపు చూశాడు. నోరు మూశాను.

రెండు రోజుల తర్వాత సెక్రటరీగారింటికి ఒక్కణ్ణే వెళ్ళాను. గరిక సంగతి దాచమన్న మార్కరు మాట నిలబెడుతూనే, మిల్లు కళ్ళం సంగతి, నేను నవ్విన సంగతి చెప్పాను. సిమెంటు ఒక్క ఏడాది ఆపమన్నాను.

"పర్మిటు గడువు దాటిపోతుందండీ మాస్టారూ" అన్నారాయన. చెడ్డవాడు కాడు. కాసేపు గోళ్ళు చూసుకున్నారు. "బస్తాలు కూడా దిగిపోయాయి. గడ్డకడితే ఎవరికీ పనికిరావు."

మాఘంలో మట్టికోర్టు తవ్వారు. తవ్వే పనికి కూలీలతో పాటు మార్కరునే పెట్టారు; మట్టి సంగతి అతనికే తెలుసు కదా అన్నారు. అతను గునపం వెయ్యడానికి ముందు రెండు రోజులు పొద్దున్నే కోర్టంతా తడిపాడు. ఎండిన మట్టి మీద గునపం వేస్తే పెచ్చులు కళ్ళలోకి ఎగురుతాయని కూలీలకి చెప్పాడు. తడి మట్టి మెత్తగా, పెద్ద పెద్ద చెక్కలుగా, చప్పుడు లేకుండా లేచింది. కింద వాళ్ళ నాన్న పేర్చిన ఇటుక ముక్కలు బయటపడ్డాయి. వాటిని కదపకుండా వదిలేశాడు, సిమెంటుకి అవే పునాది అవుతాయని.

ఆ వారమే వెళ్ళిపోయాడు. రాజమండ్రి దగ్గర పెంకుల ఫ్యాక్టరీలో వాళ్ళ బావమరిది ఉన్నాడు. "అక్కడా మట్టి పనేనండి, అలవాటే" అన్నాడు బండిలో సామాను సర్దుతూ. రాకెట్ నాకివ్వబోయాడు. వద్దన్నాను. అప్పుడు దాన్ని బిందెల మధ్య దూర్చి, కదలకుండా గోనెపట్టాతో కట్టాడు.

సిమెంటు మీద ఇరవై ఒక్క రోజులు నీళ్ళు నిలబెట్టి, తరవాత పెయింటుతో గీతలు గీశారు. ఆసామిగారు కొబ్బరికాయ కొట్టారు. మొదటి బంతి నన్ను కొట్టమన్నారు. కొట్టాను. బంతి వెంట్రుకవాసి తేడా లేకుండా, సరిగ్గా నడుం ఎత్తున లేచింది. అవతల దాన్ని అందుకోడానికి ఎవరూ లేరు. అది కొత్త వెనక గోడకి తగిలి, మళ్ళీ అంత కచ్చితంగానూ నేల మీద పడి లేస్తూ, నా కాళ్ళ దాకా వచ్చి ఆగింది.